గెడ్డ పరీవాహకం: గీత ఎక్కడ మొదలవ్వాలన్నదే అసలు లెక్క

ఉత్తరాంధ్రలో వాగును గెడ్డ అంటారు. విజయనగరం జిల్లాలో గజపతినగరం, బొండపల్లి వైపు గుట్టల మీంచి దిగి, వరి మళ్ల మధ్య వంకర తిరుగుతూ చంపావతి నదిలో కలిసే గెడ్డలు చాలా ఉన్నాయి. మామూలు రోజుల్లో వాటిని దాటుతున్నామన్న సంగతే తెలియదు. గట్టి వాన పడిన రోజు మాత్రం రాకపోకలు ఆపేస్తాయి. అలాంటి గెడ్డ మీద కల్వర్టు కట్టాలన్నా, చెక్‌డ్యామ్ వేయాలన్నా మొదటి ప్రశ్న ఒకటే. ఎంత నేల మీద పడిన వాన ఆ చోటికి వచ్చి చేరుతుంది? ఆ నేలనే పరీవాహకం అంటారు.

ఇప్పుడీ ప్రశ్నకు ఉచితంగా దొరికే ఎత్తుల గ్రిడ్, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంటే అరగంటలో జవాబు వస్తుంది. చిక్కు కూడా అందులోనే ఉంది. జవాబు ఎప్పుడైనా వస్తుంది. గెడ్డ చివర అనుకున్న బిందువును, అంటే అవుట్‌లెట్‌ను, రెండు గడుల పక్కన పెట్టినా ఏదో ఒక ఆకారం తెర మీద కనిపిస్తుంది, దానికో విస్తీర్ణమూ వస్తుంది. ఎర్రర్ రాదు. అది పొరుగు మడి విస్తీర్ణమా, గెడ్డదా, చంపావతి మొత్తానిదా అన్నది చూసుకోవలసింది గీసినవాళ్లే.

ఎత్తుల గ్రిడ్ అంటే నేలను చదరపు గడులుగా కోసి, ఒక్కో గడికి ఒక్కో ఎత్తు రాసిన పట్టిక. 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో కొలిచిన ఎస్‌ఆర్‌టీఎం ఎత్తులు, మన కార్టోశాట్-1 ఉపగ్రహం తీసిన జంట చిత్రాల నుంచి తయారైన కార్టోడెమ్, జర్మన్ రాడార్ ఉపగ్రహాల కొలతల మీద ఆధారపడిన కోపర్నికస్ గ్రిడ్, ఈ మూడూ దాదాపు 30 మీటర్ల గడులతో దొరుకుతాయి. ఏది తీసుకున్నా ఒకటే తీసుకోవాలి. వీటిలో ఎత్తును ఎక్కడి నుంచి లెక్కపెట్టారన్న ఆధారం వేరువేరు కాబట్టి సగం ఒకటి, సగం ఇంకొకటి అతికిస్తే అతుకు దగ్గర లేని గోడ లేస్తుంది.

దిగుమతి చేసుకున్న గ్రిడ్ సాధారణంగా డిగ్రీల్లో ఉంటుంది. దాన్ని మీటర్ల లెక్కకు మార్చుకోవాలి. విజయనగరం, శ్రీకాకుళం పట్టణాలు మీటర్ల లెక్క పటాలకు వాడే యూటీఎం పద్ధతిలో 44వ జోన్ కిందికి వస్తాయి. 84 డిగ్రీల రేఖాంశం దాటాక, పలాస, ఇచ్ఛాపురం వైపు, 45వ జోన్ మొదలవుతుంది. మార్చేటప్పుడు పక్క గడి ఎత్తును ఉన్నదున్నట్టు తెచ్చి వేసే పద్ధతి కాకుండా చుట్టూ ఉన్న నాలుగు గడుల నుంచి లెక్కకట్టే బైలీనియర్ పద్ధతి వాడాలి. మొదటి పద్ధతిలో గ్రిడ్ మీద సన్నని మెట్ల చారలు పడతాయి. చదును నేలలో నీటి దారిని ఆ చారలే మార్చేస్తాయి.

తర్వాతి సూత్రం సులువైనది. ప్రతి గడికీ చుట్టూ ఎనిమిది పొరుగు గడులుంటాయి. వాటిలో ఎటు వాలు ఎక్కువో అటే ఆ గడి నీరు పోతుందని గుర్తు పెడతారు. అన్ని గడులకూ దిశ తెలిశాక, ఒక్కో గడిలోకి పై నుంచి ఎన్ని గడుల నీరు వచ్చి చేరుతుందో లెక్కపెడతారు. దీన్ని ఇక్కడ చేరిక అందాం. చేరిక ఒక పరిమితి దాటిన గడులన్నీ కలిపితే గెడ్డల వల వస్తుంది. ఒక గడిని అవుట్‌లెట్‌గా చూపించి, దానిలోకి వచ్చే గడులన్నిటినీ వెనక్కి ఏరితే పరీవాహకం వస్తుంది. గ్రాస్ సాఫ్ట్‌వేర్‌లో ఇది నాలుగైదు వరుసల పని:

```
g.region raster=dem_utm
r.watershed -s elevation=dem_utm accumulation=acc drainage=dir stream=str threshold=500
r.what map=acc coordinates=E,N
r.water.outlet input=dir output=ws coordinates=E,N
r.report map=ws units=k,c
```

ఇందులో `E,N` ఉన్నచోట అవుట్‌లెట్ యూటీఎం అంకెలు వేయాలి. `threshold=500` అంటే 500 గడుల చేరిక దాటితే గెడ్డ అని గీయమనడం. 30 మీటర్ల గడి 900 చదరపు మీటర్లు కాబట్టి 500 గడులు 45 హెక్టార్లు. ఈ అంకెకు శాస్త్రీయమైన పవిత్రత ఏమీ లేదు. టోపోషీటులో నీలి గీతలు కొండపాదం దగ్గర ఎక్కడ మొదలయ్యాయో చూసి, వలలోని గీతలూ ఇంచుమించు అక్కడే మొదలయ్యేదాకా పెంచడమో తగ్గించడమో చేయాలి. పరిమితి మారితే గీతల సంఖ్య మారుతుంది కానీ పరీవాహకం మారదు. అది అవుట్‌లెట్ మీద ఆధారపడి ఉంటుంది.

ఇప్పుడు ఒక లెక్క చేసి చూద్దాం. గజపతినగరం దగ్గర చంపావతిలో కలిసే ఒక గెడ్డ అనుకుందాం. అంకెలు లెక్క కోసం వేసుకున్నవి, తీరు మాత్రం ఆ నేలదే. కలిసే చోటికి 400 మీటర్ల ఎగువన ఒక ఊరి దారి గెడ్డను దాటుతుంది. అక్కడి పాత కల్వర్టు స్థానంలో కొత్తది కట్టాలి. కల్వర్టు మీద నిలబడి ఫోన్‌లో జీపీఎస్ బిందువు తీసుకున్నారు. ఆరుబయట ఫోన్ జీపీఎస్ మామూలుగా కొద్ది మీటర్లే తేడా చూపుతుంది కనుక బిందువును అనుమానించే పని లేదు. ఆ బిందువు దగ్గర `r.what` చేరికను అడిగితే 7 అని వచ్చింది. ఏడు గడులంటే ఎకరంన్నర. అక్కడ పరీవాహకం గీయిస్తే పొలం మధ్య చిన్న ముక్క ఒకటి కనిపిస్తుంది.

బిందువు సరైనదే, గ్రిడ్‌లో గెడ్డే పక్కకు జరిగి ఉంది. గెడ్డ వెడల్పు ఎనిమిది పది మీటర్లు, గడి వెడల్పు ముప్పై. గెడ్డ అడుగు, రెండు ఒడ్లు, ఒడ్డు మీది తాడిచెట్లు అన్నీ కలిసి ఒకే ఎత్తుగా మారాయి. సర్వే సమయంలో గెడ్డ పక్కన సరుగుడు తోట ఉండి ఉంటే రాడార్ కొలిచింది నేలను కాదు, చాలావరకు ఆకుల గుబురును. గ్రిడ్ లెక్కలో అక్కడో తిన్నె ఉన్నట్టు. అందుకే నీటి గీత ఒకటి రెండు గడులు పక్కకు పోతుంది. ఈ కల్వర్టుకు రెండు గడుల దక్షిణాన ఉన్న గడిలో చేరిక 13,600. అంటే 12.24 చదరపు కిలోమీటర్లు.

కాబట్టి బిందువును గ్రిడ్‌లోని గెడ్డ మీదికి జరపాలి. దీనికి సాఫ్ట్‌వేర్లలో తయారు పనిముట్లున్నాయి, కానీ వాటిలో రెండు రకాలున్నాయన్న సంగతి చాలామంది గమనించరు. ఒక రకం, చెప్పిన దూరం లోపల చేరిక అన్నిటికంటే ఎక్కువ ఉన్న గడికి బిందువును లాగుతుంది. ఇంకో రకం, దగ్గరలో ఉన్న గెడ్డ గడికి లాగుతుంది. వైట్‌బాక్స్‌టూల్స్‌లో మొదటిది `SnapPourPoints`, రెండోది `JensonSnapPourPoints`. మన కల్వర్టుకు 400 మీటర్ల దూరంలో చంపావతి ఉంది. అక్కడ చేరిక 5,60,000 అనుకుంటే 504 చదరపు కిలోమీటర్లు. మొదటి రకం పనిముట్టుకు 500 మీటర్ల దూరం ఇస్తే అది నేరుగా వెళ్లి చంపావతిలో కూర్చుంటుంది. ఊరి గెడ్డకు అడిగితే నది మొత్తం వస్తుంది. ఏరు పక్కనే ఉన్నచోట మొదటి రకాన్ని వాడకపోవడమే మంచిది. వాడక తప్పకపోతే దూరం 60, 90 మీటర్లకు మించకూడదు.

చేత్తో జరపడం ఇంకా నమ్మకం. చేరిక పటాన్ని ఉపగ్రహ చిత్రం మీద పలచగా పరచి, కల్వర్టు దగ్గర గెడ్డ గీతను గుర్తుపట్టి, ఆ గడి మధ్యలోని అంకెలు తీసుకుంటే సరిపోతుంది. పది అవుట్‌లెట్లు ఉన్న పనికి కూడా దీనికి ఒక పూట చాలు.

జరిపిన బిందువు సరిగ్గా కూర్చుందా లేదా తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. అవుట్‌లెట్ గడి నుంచి గెడ్డ గీత వెంట ఒక గడి పైకి, ఒక గడి కిందికి వెళ్లి చేరిక చదవాలి. పైన 13,588, ఇక్కడ 13,600, కింద 13,611 అని వస్తే బాగుంది. గడి గడికీ పక్క పొలాల నుంచి పదీ పన్నెండూ గడులే కలుస్తున్నాయి. అలా కాకుండా పైన 9,200, ఇక్కడ 13,600 అని వస్తే అవుట్‌లెట్ సరిగ్గా ఒక కూడలి మీద పడిందన్నమాట. అక్కడ ఇంకో పాయ వచ్చి కలుస్తోంది. అప్పుడు అడగవలసింది కంప్యూటర్‌ను కాదు, నేలను. ఆ పాయ కల్వర్టుకు ఎగువన కలుస్తోందా, దిగువనా? గ్రిడ్‌లో కూడలి రెండు మూడు గడులు అటూఇటూ ఉండటం మామూలే. నేల మీద దిగువన కలుస్తుంటే అవుట్‌లెట్‌ను కూడలికి రెండు గడుల పైకి, మన పాయలోకి తీసుకుపోవాలి. ఒక్క గడి తేడాతో నాలుగు చదరపు కిలోమీటర్లు వచ్చి చేరే చోటు ఇదే.

ఇంకో చిన్న జాగ్రత్త. `r.watershed` ఇచ్చిన చేరికలో మైనస్ అంకెలు కనిపిస్తే, గ్రిడ్ అంచు అవతలి నుంచి నీరు వస్తూ ఉండవచ్చని హెచ్చరిక. గ్రిడ్‌ను మండలం సరిహద్దు వెంబడి కత్తిరించినప్పుడు ఇలా జరుగుతుంది. గెడ్డలకు మండలాలు తెలియవు. ఎగువ కొండ అంచు దాటి రెండు మూడు కిలోమీటర్లు ఎక్కువే కత్తిరించుకుని మళ్లీ నడపాలి.

అవుట్‌లెట్ కుదిరింది, 12.24 చదరపు కిలోమీటర్లు వచ్చింది. ఇక్కడితో ఆగిపోయే నివేదికలే ఎక్కువ. కానీ ఈ అంకెను వేరే దారిలో ఒకసారి కొలిచి చూడాలి. గజపతినగరం ప్రాంతం సర్వే ఆఫ్ ఇండియా 65 ఎన్/7 టోపోషీటులో ఉంది. 1:50,000 స్కేలు, 20 మీటర్ల ఎత్తుకో కాంటూరు, అంటే సమాన ఎత్తు గీత. గుట్టల శిఖరాల వెంట విభజన రేఖను చేత్తో గీసుకుంటూ కిందికి వస్తే కొండ భాగంలో కంప్యూటర్ గీతకూ చేతి గీతకూ తేడా దాదాపు ఉండదు. పల్లంలోకి దిగాక రెండు కాంటూర్ల మధ్య దూరం కిలోమీటర్లకు పెరుగుతుంది, కాంటూరుతో పని జరగదు. అక్కడ నీలి గీతలే ఆధారం. ఏ గీత ఏ గెడ్డలోకి పోతోందో చూసి హద్దు వేస్తే మన ఉదాహరణలో 9.8 వచ్చింది. తేడా రెండున్నర చదరపు కిలోమీటర్లకు దగ్గర, అదంతా పడమటి వైపున ఒకే చోట ఉంది. అక్కడొక చెరువుంది.

ఈ జిల్లాలో పరీవాహకాల లెక్క తప్పేది ఎక్కువగా చెరువుల దగ్గరే కాబట్టి ఇక్కడ కాస్త ఆగాలి. చెరువు కట్టినవాళ్లు లోయకు అడ్డంగా గట్టు వేశారు. నిండాక మిగులు నీరు గట్టు మీంచి పొర్లకూడదు, పొర్లితే గట్టు నిలవదు. అందుకని గట్టు చివర, గట్టి నేల ఉన్న వైపు అలుగు పెట్టారు. అలుగు దాటిన నీరు పొర్లు కాలువ గుండా పోతుంది. ఆ కాలువ తిరిగి పాత లోయలోకే వస్తే ఇబ్బంది లేదు. చాలాచోట్ల అది పక్క లోయలోకి, అక్కడున్న ఇంకో చెరువులోకి పోతుంది. గొలుసు చెరువుల ఏర్పాటు అదే. అంటే కొన్ని తరాల కిందటే మనుషులు ఆ నీటి దారి మార్చేశారు. మన ఉదాహరణలో చెరువు పైనున్న 2,700 గడుల నీరు, అంటే 2.43 చదరపు కిలోమీటర్లది, అలుగు దాటి పక్క గెడ్డలోకి పోయి, కల్వర్టుకు దిగువన చంపావతిలో కలుస్తుంది. 13,600 లోంచి 2,700 తీసేస్తే 10,900 గడులు, 9.81 చదరపు కిలోమీటర్లు. చేతి గీతతో సరిపోయింది.

గ్రిడ్‌కు ఇది ఎందుకు తెలియలేదు? గట్టు ఎత్తు మూడు నాలుగు మీటర్లు, పైన వెడల్పు ఒక బండి పట్టేంత. ముప్పై మీటర్ల గడిలో అది కరిగిపోయి మీటరో ఒకటిన్నర మీటరో మిగులుతుంది. అలుగు మెట్టు, పొర్లు కాలువ లోతు అసలే కనిపించవు. పైగా ఎస్‌ఆర్‌టీఎంలో ఎత్తులు పూర్తి మీటర్లలోనే ఉంటాయి. 500 మీటర్లకు ఒక మీటరు వాలున్న పల్లంలో పదహారు పదిహేడు గడులు వరసగా ఒకే ఎత్తు చూపుతాయి. అలాంటి చోట నీరు ఎటు పోవాలో ప్రోగ్రాము ఊహించి గీస్తుంది. ఆ ఊహకు ఆనవాలు కూడా ఉంది. గీతలు ఒకదాని పక్కన ఒకటి సమాంతరంగా, స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగానో ఏటవాలుగానో పోతుంటే అది గెడ్డ కాదు, చదును నేల. చెరువు గర్భంలోనూ గట్టు దిగువ ఆయకట్టులోనూ ఇదే కనిపిస్తుంది.

కాబట్టి గ్రిడ్‌కు మనమే చెప్పాలి. ఉపగ్రహ చిత్రం మీద గట్టును ఒక గీతగా, అలుగునూ పొర్లు కాలువనూ ఇంకో గీతగా గీసుకుని, రెండింటినీ గడులుగా మార్చి, గట్టును పెంచి కాలువను తవ్వాలి:

```
v.to.rast -d input=gattu_line output=gattu use=val value=1
v.to.rast -d input=porlu_line output=porlu use=val value=1
r.mapcalc "dem2 = dem_utm + if(isnull(gattu),0,5) - if(isnull(porlu),0,8)"
```

ఐదు మీటర్లు పెంచడం, ఎనిమిది మీటర్లు తవ్వడం నిజమైన కొలతలు కావు, దారి చూపడానికే. అలుగు దగ్గర రెండు గీతలూ కలిసే గడిలో మూడు మీటర్ల పల్లం మిగులుతుంది, నీరు అటే వెళ్తుంది. `-d` ముఖ్యం. అది లేకుండా గట్టును గడులుగా మారిస్తే ఏటవాలు చోట గడులు మూలలతో మాత్రమే అంటుకుంటాయి. ప్రోగ్రాముకు నీటిని మూల నుంచి మూలకు పంపే అనుమతి ఉంది కాబట్టి, ఐదు మీటర్ల గోడ కట్టినా నీరు సందులోంచి జారిపోతుంది. గోడ ఎందుకు పని చేయలేదో అర్థం కాక రోజులు పోయే తప్పు ఇది. గట్టు గీత రెండు కొసలూ మెట్టలో కలిసేదాకా పోవాలి. కాలువ గీత చెరువు గర్భం లోపల మొదలై పక్క గెడ్డను చేరేదాకా తెగకుండా ఉండాలి. ఆ తర్వాత `dem2` మీద పని మొత్తం మళ్లీ నడిపి, అవుట్‌లెట్ పరీక్ష మళ్లీ చేయాలి. గ్రిడ్ మారితే గెడ్డ గీత కూడా ఒకటి రెండు గడులు కదలవచ్చు.

రైలుకట్ట దగ్గర ఇదే పని తలకిందులుగా చేయాలి. విజయనగరం నుంచి గజపతినగరం, బొబ్బిలి మీదుగా రాయపూర్ పోయే లైను కట్ట చాలాచోట్ల గ్రిడ్‌లో కనిపించేంత ఎత్తు, వెడల్పు ఉంటుంది. కింద ఉన్న కల్వర్టు మాత్రం పై నుంచి కనిపించదు. గ్రిడ్‌లో గెడ్డ కట్టదాకా వచ్చి, దాని పక్కన కొంతదూరం పాకి, ఎక్కడో దాటుతుంది. గెడ్డ గీత కట్ట వెంట తిన్నగా పోతుంటే వెంటనే అనుమానించాలి. అక్కడ నిజమైన కల్వర్టు గుండా అడ్డంగా కాలువ తవ్వితే సరిపోతుంది.

ఏ దారి నిజమో తేల్చేది చివరికి నేలే. కల్వర్టు ఏ వైపు ఇసుక మేట వేసింది, ఏ వైపు కోసింది, చెత్త ఏ ఒడ్డున తట్టుకుంది అన్నది చూస్తే పారే దిశ తెలుస్తుంది. అలుగు దగ్గర ఆయకట్టు రైతును ఒక్క ప్రశ్న అడిగితే చాలు: "అలుగు పారితే నీరు ఏ చెరువులోకి పోద్ది?" వానాకాలంలో ఒకసారైనా ఆ నీటి వెంట నడిచిన మనిషి చెప్పే జవాబును గ్రిడ్ కంటే ముందు నమ్మాలి.

ఇంతా చేసి 12.24 కాస్తా 9.81 అయితే ఏం మారింది? అది ఏం కడుతున్నామన్న దాని మీద ఉంటుంది. పాత మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇక్కడ వాడుకలో ఉన్న రైవ్స్ సూత్రం తీసుకుందాం. అందులో వరద విస్తీర్ణానికి 2/3 ఘాతంగా పెరుగుతుంది. తీరానికి 80 కిలోమీటర్ల లోపు ప్రాంతాలకు గుణకం 6.8:

```
Q = 6.8 × A^(2/3)
A = 12.24  →  Q ≈ 36
A = 9.81   →  Q ≈ 31
A = 504    →  Q ≈ 431
```

Q సెకనుకు ఘనపు మీటర్లలో, A చదరపు కిలోమీటర్లలో. విస్తీర్ణం పాతిక శాతం ఎక్కువైనా వరద పదహారు శాతమే ఎక్కువైంది. కల్వర్టు కొంచెం పెద్దదవుతుంది, అంతే. చెక్‌డ్యామ్‌కు అలా కాదు. అక్కడ కావలసింది ఏడాదిలో వచ్చే నీటి పరిమాణం, అది విస్తీర్ణంతో సూటిగా పెరుగుతుంది. పది మిల్లీమీటర్ల నీరు నేల మీంచి పారి వచ్చిందనుకుంటే 2.43 చదరపు కిలోమీటర్ల నుంచి 24,300 ఘనపు మీటర్లు వస్తాయని లెక్కలో రాసుకుంటాం. ఆ నీరు ఎన్నటికీ రాదు. చెరువు నిండేదాకా చెరువులో ఉంటుంది, నిండాక పక్క గెడ్డకు పోతుంది. చెక్‌డ్యామ్ ఏటా లెక్క కంటే తక్కువ ఎందుకు నిండుతోందో కట్టాక ఎవరికీ అర్థం కాదు.

కల్వర్టుకు మాత్రం 12.24ను పూర్తిగా చెరిపేయకూడదు. తూర్పు తీరంలో పెద్ద తుపానులు ఎక్కువగా అక్టోబరు, నవంబరుల్లో వస్తాయి. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. అప్పటికి నైరుతి వానలకు చెరువులు నిండి ఉంటాయి. అలుగు మోయలేనంత నీరు వచ్చి గట్టుకు గండి పడితే ఆ నీరు పొర్లు కాలువ మాట మరచి, పాత లోయ పట్టుకుని నేరుగా మన కల్వర్టు మీదికి దిగుతుంది. గట్టును చూడలేకపోయిన ఎత్తుల గ్రిడ్ మొదట గీసింది సరిగ్గా ఆ దారినే. అందుకని చెరువు పై భాగాన్ని విడి ఉప పరీవాహకంగా వేరే అవుట్‌లెట్‌తో, అలుగు గడి దగ్గర, గీసి ఉంచుకోవాలి. చెక్‌డ్యామ్ లెక్కకు దాన్ని వదిలేయాలి. కల్వర్టు లెక్కకు అది ఉన్నప్పుడు ఎంత, లేనప్పుడు ఎంత అని రెండు అంకెలూ రాయాలి. వాటి పక్కనే నేల మీద తీసుకున్న జీపీఎస్ బిందువు, గ్రిడ్‌లో జరిపిన బిందువు, రెండింటి మధ్య దూరం, ఏ గ్రిడ్ వాడారో దాని పేరు రాసి పెడితే, తర్వాత ఎవరైనా అదే గడి నుంచి మొదలుపెట్టి అదే 10,900 గడులు వస్తున్నాయో లేదో లెక్క చూసుకోగలరు.